పొదుపు ఖాతాలో నగదు జమలపై 148ఏ(1) నోటీసుకు వివరణ

తేదీ: 10-11-2025

గౌరవనీయులైన ఆదాయపు పన్ను అధికారి గారికి,
ఆదాయపు పన్ను కార్యాలయం, వరంగల్.

విషయం: 2023-24 అసెస్‌మెంట్ సంవత్సరానికి (2022-23 ఆర్థిక సంవత్సరం) 27-10-2025 నాడు ఇచ్చిన నోటీసుకు జవాబు.

అయ్యా,

నా పొదుపు ఖాతాలో 2022-23లో రూ. 14,85,000 నగదు జమ అయిందని, రిటర్ను వేయలేదు కాబట్టి ఆ మొత్తాన్ని 69ఏ కింద లెక్క తెలియని డబ్బుగా ఎందుకు భావించకూడదో చెప్పమని నోటీసులో అడిగారు. గడువు 14-11-2025. 148ఏ(2) ప్రకారం ఈ జవాబును, ఆధారాలతో సహా ఈ-ఫైలింగ్ పోర్టల్ ద్వారా పంపుతున్నాను. నేను పర్వతగిరి మండలంలో వ్యవసాయం చేసుకునేవాణ్ని. వ్యాపారం లేదు, జీతం లేదు. పొదుపు ఖాతా మీద ఆ ఏడాది వచ్చిన వడ్డీ రూ. 6,840 తప్ప పన్ను లెక్కలోకి వచ్చే ఆదాయం ఏదీ లేదు.

ముందుగా మొత్తం సంగతి. నోటీసులోని అంకెలో రూ. 50,000 ఎక్కువ పడింది. 10-03-2023 నాడు జమ మిషన్‌లో వేసిన రూ. 50,000 మిషన్ తీసుకోలేదు. ఎంట్రీ పడి, అదే రోజు రివర్స్ అయింది. ఆ డబ్బునే కౌంటర్‌లో మిగతా డబ్బుతో కలిపి రూ. 1,70,000గా కట్టాను. రెండు ఎంట్రీలూ, రివర్సల్ కూడా స్టేట్‌మెంట్‌లో వరుసగా కనిపిస్తాయి (జత-1). కాబట్టి నిజమైన నగదు జమ రూ. 14,35,000. దాని లెక్క ఇది.

మిర్చి డబ్బు రూ. 6,35,000. పెద్ద భాగం ఇదే కాబట్టి వివరంగా రాస్తున్నాను. నా పట్టా భూమి 5 ఎకరాల 12 గుంటలు, కౌలుకు తీసుకున్నది 2 ఎకరాలు. ఇందులో 3 ఎకరాలు మిర్చి, 4 ఎకరాలు పత్తి వేశాను. పట్టాదారు పాసుపుస్తకం జత-2, కౌలు ఒప్పందం, భూమి యజమాని ధ్రువీకరణ జత-3. కౌలు భూమి నా పేరున లేకపోయినా, దాన్ని సాగు చేసి తీసిన పంట మీది రాబడి సెక్షన్ 2(1ఏ) ప్రకారం వ్యవసాయ ఆదాయమే, 10(1) కింద మినహాయింపు ఉన్నదే. కాయను కల్లంలో ఎండబెట్టి, తాలు ఏరి బస్తాలకెత్తడం కూడా రైతు మామూలుగా చేసే పనే.

ఎండుమిర్చి వరంగల్ ఏనుమాముల మార్కెట్లో నాలుగు విడతల్లో అమ్మాను:

14-02-2023: 8.80 క్వింటాళ్లు, ధర 19,500, విలువ 1,71,600, చేతికొచ్చింది 1,65,700, 16-02న జమ 1,60,000.
27-02-2023: 8.60 క్వింటాళ్లు, ధర 19,200, విలువ 1,65,120, చేతికొచ్చింది 1,59,500, 28-02న జమ 1,55,000.
09-03-2023: 9.20 క్వింటాళ్లు, ధర 20,000, విలువ 1,84,000, చేతికొచ్చింది 1,77,800, 10-03న జమ 1,70,000.
20-03-2023: 8.40 క్వింటాళ్లు, ధర 19,500, విలువ 1,63,800, చేతికొచ్చింది 1,58,300, 21-03న జమ 1,50,000.

కమీషన్, హమాలీ, దడువాయి ఖర్చులు పోను మిగిలిందే చేతికొచ్చిన మొత్తం. నాలుగు తక్‌పట్టీలు (జత-4) అసలు కాగితాల నుంచి స్కాన్ చేసినవే. ప్రతి పట్టీ మీద బస్తాల సంఖ్య, తూకం, క్వింటా ధర, కోతలు, నికర మొత్తం విడివిడిగా ఉన్నాయి. 27-02 పట్టీ మీద కార్బన్ మసకబారి తూకం సరిగా కనబడదు, పేరులో ఇంటిపేరు కూడా రాయలేదు. అందుకని అదే రోజు మార్కెట్ గేటు ఎంట్రీ చీటీని, అడ్తిదారు తన చిట్టా చూసి ఇచ్చిన ధ్రువీకరణను కలిపి జతపరిచాను (జత-5). రెండింటిలోనూ బస్తాలు 22, తూకం 8.60 అనే ఉంది.

ఏ ఒక్క అమ్మకమూ రూ. 2 లక్షలకు చేరలేదు. రైతు తన పంటను వ్యాపారికి 2 లక్షల లోపు నగదుకు అమ్మితే 269ఎస్‌టీ వర్తించదని కేంద్ర ప్రత్యక్ష పన్నుల బోర్డు 03-11-2017 నాటి 27/2017 సర్క్యులర్‌లో స్పష్టంగా చెప్పింది. 3 ఎకరాలకు 35 క్వింటాళ్లంటే ఎకరాకు 12 క్వింటాళ్లు కూడా పడలేదు. రాబడిని పెంచి చూపలేదని దీన్నిబట్టే తెలుస్తుంది.

పత్తి డబ్బు రూ. 2,70,000. 18-11-2022న 17.50 క్వింటాళ్లు 8,400 చొప్పున, 09-12-2022న 17 క్వింటాళ్లు 8,000 చొప్పున అమ్మాను. చేతికొచ్చినవి 1,43,000, 1,32,500. జమ చేసినవి 21-11న 1,40,000, 12-12న 1,30,000 (జత-6).

తీసిన డబ్బు తిరిగి వేసింది రూ. 3,60,000. ఇదే ఖాతా నుంచి 18-05-2022 నాడు రూ. 4,00,000 కూతురి పెళ్లి కోసం తీశాను. వరుడి ఇంట్లో చావు కబురు రావడంతో లగ్నం వాయిదా పడింది. అప్పటికే బట్టలకు, ఫంక్షన్ హాలు బయానాకు రూ. 40,000 అయిపోయింది, రసీదులు జత-7. మిగతా మొత్తాన్ని 04-07-2022 నాడు వేశాను. మధ్యలో 47 రోజులు. ఆ డబ్బుతో భూమి, బంగారం, బండి ఏదీ కొనలేదు. తీసిన ఎంట్రీ, వేసిన ఎంట్రీ రెండూ ఒకే స్టేట్‌మెంట్‌లో ఉన్నాయి. ఒకసారి ఖాతాలో ఉన్న డబ్బునే మళ్లీ కొత్త ఆదాయంగా లెక్కించడం న్యాయం కాదని గట్టిగా మనవి చేస్తున్నాను.

ఎడ్ల జత అమ్మిన రూ. 90,000. 13-06-2022 జమ. అంగడి రసీదు జత-8.

బావమరిది ఇచ్చిన చేబదులు రూ. 80,000. పంట రుణం రెన్యువల్‌కు బాకీ ముందు కట్టాలి కనుక 22-08-2022న తెచ్చి వేశాను. నగదు అప్పుపై 269ఎస్‌ఎస్ అభ్యంతరం రావచ్చు. ఇచ్చినవారికీ తీసుకున్నవారికీ ఇద్దరికీ వ్యవసాయ ఆదాయమే ఉండి, పన్ను పడే ఆదాయం లేనప్పుడు ఆ సెక్షన్ వర్తించదు. ఆయన పాసుపుస్తకం, సంతకంతో ధ్రువీకరణ జత-9. తిరిగి ఇచ్చింది మాత్రం నగదుగా కాదు, 24-03-2023న ఖాతా నుంచి ఖాతాకు పంపాను.

ఇవన్నీ కలిపితే 6,35,000 + 2,70,000 + 3,60,000 + 90,000 + 80,000 = 14,35,000. స్టేట్‌మెంట్‌లోని నగదు జమలతో పైసా తేడా లేకుండా సరిపోతుంది.

రిటర్ను ఎందుకు వేయలేదంటే, ఆ సంవత్సరం నా పన్ను ఆదాయం రూ. 2,50,000 పరిమితికి చాలా కిందనే ఉంది. పొదుపు ఖాతా జమలను బట్టి తప్పనిసరిగా రిటర్ను వేయాలనే నిబంధన (రూల్ 12ఏబీ) రూ. 50 లక్షలు, ఆపై జమలకే వర్తిస్తుంది. పది లక్షలు దాటిన నగదు జమలను బ్యాంకు మీకు తెలియజేయడం సబబే. అయితే ఆ సమాచారంలో ఎంత జమ అయిందో ఉంటుంది గానీ, ఆ డబ్బు ఎక్కడిదో ఉండదు. ఆ రెండో భాగాన్ని నేను కాగితాలతో నింపి మీ ముందు పెట్టాను. 69ఏ కింద చేరిస్తే 115బీబీఈ ప్రకారం సర్‌ఛార్జి, సెస్ కలిపి 78 శాతం పన్ను పడుతుంది. పంట అమ్మిన డబ్బు మీద అది మోయలేని భారం.

కావున 148ఏ(3) ఉత్తర్వులో, ఇది 148 నోటీసు జారీకి తగిన కేసు కాదని నమోదు చేసి విచారణను ముగించవలసిందిగా కోరుతున్నాను. ఏ తేదీ జమపైనైనా సందేహం మిగిలితే ఆ తేదీ తెలిపి, ఉత్తర్వుకు ముందు నాకు విచారణ అవకాశం ఇవ్వగలరు. అసలు తక్‌పట్టీలు, అడ్తిదారు ధ్రువీకరణ అసలు ప్రతి నా దగ్గర భద్రంగా ఉన్నాయి. పిలిచిన రోజు తెచ్చి చూపిస్తాను.

జతలు: 1 నుంచి 9 వరకు, ఒక్కొక్కటి విడి ఫైలుగా.

ఇట్లు,
మీ విధేయుడు,
బొల్లెపల్లి సమ్మయ్య
పర్వతగిరి మండలం, వరంగల్ జిల్లా