విద్యార్థులతో సర్వేకు అనుమతి కోరుతూ ప్రధానోపాధ్యాయుల వారికి లేఖ

తిరుపతి,
03-11-2025

గౌరవనీయులైన ప్రధానోపాధ్యాయులు గారికి,
జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల, చంద్రగిరి.

విషయం: 8, 9 తరగతుల విద్యార్థులతో ఐరన్ మాత్రలపై సర్వేకు అనుమతి కోరుతూ.

అయ్యా,

నేను తిరుపతి శ్రీ పద్మావతి మహిళా విశ్వవిద్యాలయంలో ఎమ్మెస్సీ రెండో సంవత్సరం చదువుతున్నాను. బడిలో వారానికోసారి ఇచ్చే నీలం రంగు ఐరన్ మాత్రను పిల్లలు మింగుతున్నారా, మింగకపోతే ఎందుకు అన్నది నా ప్రాజెక్టు.

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15–19 ఏళ్ల అమ్మాయిల్లో 59 శాతం, అబ్బాయిల్లో 31 శాతం మందికి రక్తహీనత ఉంది. అందుకే అబ్బాయిలను కూడా అడగాలనుకుంటున్నాను. ఎన్ని మాత్రలు ఇచ్చారో రిజిస్టరు చెబుతుంది. ఎన్ని కడుపులోకి వెళ్లాయో పిల్లలే చెప్పాలి. నేను చదువుకున్న బడిలో ఒకమ్మాయికి కడుపులో తిప్పితే, ఆ తర్వాతి వారం క్లాసులో సగం మంది మాత్ర తీసుకుని జేబులో వేసుకున్నారు. అన్నం తిన్నాక వేసుకుంటే ఆ ఇబ్బంది తగ్గుతుందని గానీ, మలం నల్లగా వచ్చినా భయపడక్కర్లేదని గానీ మాకెవరూ చెప్పలేదు. ఇప్పటి పిల్లలకు ఈ సంగతులు తెలుసో లేదో చూడాలని ఉంది.

ప్రశ్నలు తెలుగులోనే ఉంటాయి, 20 నిమిషాల్లో అయిపోతాయి. రక్తపరీక్ష ఏదీ చేయను. పేరు, రోల్ నంబరు అడగను. నవంబరు నాలుగో వారంలో మీరు చెప్పిన రోజు, ఆటల పీరియడ్‌లో గానీ భోజనం తర్వాత గానీ వస్తాను. పబ్లిక్ పరీక్షల టెన్షన్‌లో ఉంటారని పదో తరగతి వాళ్లను కలపలేదు.

వారం ముందే తల్లిదండ్రులకు అంగీకార పత్రం పంపిస్తాను. చదవలేని వారికి ఫోన్‌లో వివరంగా చెబుతాను, వేలిముద్ర వేసినా చాలు. ఇంట్లో ఒప్పుకున్నా పిల్లలు వద్దంటే వాళ్లను బలవంతపెట్టను. మధ్యలో ఆపేసినా ఏమీ అనను.

ఒక్క విషయంలో మీ సహకారం ముఖ్యంగా కావాలి. పిల్లలు రాసేటప్పుడు ఒక టీచరు గారు గదిలోనే ఉండాలి, కానీ వాళ్ల మధ్య తిరగకుండా, జవాబులు చూడకుండా ఉండాలని నా మనవి. సార్ చూస్తున్నారంటే "ప్రతి వారం సరిగ్గానే వేసుకుంటున్నాం" అని రాసేస్తారు. అలాంటి జవాబులు ఎవరికీ పనికిరావు.

రాయడం అయ్యాక, ఎప్పుడూ నీరసంగా, ఆయాసంగా ఉంటే ఏఎన్ఎం గారికి చెప్పమని క్లాసందరికీ చెబుతాను. నా ప్రాజెక్టులో మీ పాఠశాల పేరు రాయను, వేరే బడితో పోల్చను. ఫలితాలు ఒక పేజీలో రాసి ముందుగా మీకే ఇస్తాను. పిల్లలు ఎక్కువగా చెప్పిన భయాలు ఏవో తెలిస్తే మీ సైన్స్ టీచర్లకు, ఏఎన్ఎం గారికి ఉపయోగపడతాయి.

ప్రశ్నాపత్రం, తల్లిదండ్రుల అంగీకార పత్రం, మా యూనివర్సిటీ ఎథిక్స్ కమిటీ అనుమతి, మా గైడ్ మేడం లేఖ జతచేశాను. డీఈఓ ఆఫీసులో విడిగా అర్జీ పెట్టాను. అక్కడి అనుమతి కాపీ మీ చేతికిచ్చాకే సర్వే మొదలుపెడతాను. ప్రశ్నల్లో ఏదైనా పిల్లలకు తగదనిపిస్తే చెప్పండి, తీసేస్తాను.

ఈ గురువారం సాయంత్రం బడి వదిలాక మిమ్మల్ని కలవడానికి వస్తాను. ఆ రోజు వీలుకాకపోతే గైడ్ మేడం లేఖ మీదున్న నా నంబరుకు ఒక్క మాట చెప్పగలరు.

ఇట్లు,
తమ విధేయురాలు,
ఆర్. సుమలత
ఎమ్మెస్సీ ద్వితీయ సంవత్సరం, ఆహార పోషక శాస్త్రం