ఐఆర్ ప్రాక్టీస్ బిట్లు: బేరం, గ్రీవెన్స్, యూనియన్ పనులు

ఆదివారం మాక్ టెస్ట్‌లో దాదాపు అందరూ ఒకే చోట జారారు, పాత చట్టం అడిగితే కొత్త కోడ్ జవాబు పెట్టారు, కోడ్ అడిగితే పాతది పెట్టారు. 2025 నవంబర్ 21 నుంచి 2020 నాటి పారిశ్రామిక సంబంధాల కోడ్ అమల్లోకి వచ్చింది గానీ పేపర్లలో 1926 ట్రేడ్ యూనియన్ల చట్టం, 1947 పారిశ్రామిక వివాదాల చట్టం అంత తొందరగా పోవు, అందుకే ముందు ప్రశ్నలో ఏ చట్టం పేరు ఉందో చూసి ఆ తర్వాతే ఆప్షన్ల జోలికి వెళ్లండి.

1. 'కలెక్టివ్ బార్గెయినింగ్' అన్న మాటని మొదట వాడింది ఎవరు?
ఎ) ఎల్టన్ మేయో బి) డన్‌లప్ సి) బియాట్రిస్ వెబ్ డి) టేలర్
జ: సి. 1891లో. డన్‌లప్ పెట్టినవాళ్లు ఎక్కువే ఉన్నారు, ఆయనది సిస్టమ్స్ థియరీ, 1958.

2. మేనేజ్‌మెంట్‌తో 9 శాతం పెంపుకి ఒప్పుకుని బయటికొచ్చిన యూనియన్ సెక్రటరీ, 15 కావాలని కూర్చున్న సొంత మెంబర్లని గేట్ మీటింగ్‌లో గంటసేపు ఒప్పించాల్సి వచ్చింది. వాల్టన్, మెకెర్సీ లెక్కలో ఇది ఏ బేరం?
ఎ) డిస్ట్రిబ్యూటివ్ బి) ఇంటిగ్రేటివ్ సి) యాటిట్యూడినల్ స్ట్రక్చరింగ్ డి) ఇంట్రా ఆర్గనైజేషనల్
జ: డి. జీతం అన్న మాట కనపడగానే 'ఎ' కొట్టేస్తారు, కానీ ఇక్కడ బేరం యజమానితో కాదు, సొంతవాళ్లతో. నిజానికి చాలామంది లీడర్లకి లోపలి మీటింగ్ కన్నా ఈ గేట్ మీటింగే కష్టం.

3. సింగరేణి బొగ్గు కార్మికుడి మూల వేతనం ఏ స్థాయి బేరంలో తేలుతుంది?
ఎ) గని బి) ఏరియా సి) కంపెనీ డి) పరిశ్రమ
జ: డి. జాతీయ బొగ్గు వేతన ఒప్పందం, యూనియన్లు, యాజమాన్యాలు కలిసి కూర్చునే జేబీసీసీఐ కమిటీలో కుదురుతుంది, 11వది 2021 జూలై 1 నుంచి ఐదేళ్లకి. మరి గుర్తింపు సంఘం ఎన్నిక ఎందుకు అని ఒక చెల్లెలు అడిగింది, మంచి ప్రశ్న. 2023 డిసెంబర్ 27 ఎన్నికలో ఏఐటీయూసీ గెలిచింది కదా, అలా గెలిచిన సంఘం కంపెనీ లోపలి సమస్యల మీద యాజమాన్యంతో కూర్చుంటుంది. రెండు బల్లలు వేరు.

4. ఒక ప్యాకింగ్ యూనిట్‌లో ఆపరేటర్ పే స్లిప్‌లో 11 గంటల ఓటీ పడలేదు. డిసిప్లిన్ కోడ్ కింద వచ్చిన నమూనా గ్రీవెన్స్ పద్ధతి ప్రకారం మొదట ఎవరికి చెప్పాలి, జవాబు ఎంతలో రావాలి?
ఎ) మేనేజర్, 3 రోజులు బి) పై సూపర్‌వైజర్, 48 గంటలు సి) గ్రీవెన్స్ కమిటీ, 7 రోజులు డి) లేబర్ ఆఫీసర్, 30 రోజులు
జ: బి. అక్కడ తేలకపోతే డిపార్ట్‌మెంట్ హెడ్, 3 రోజులు. తర్వాత కమిటీ, 7 రోజులు. మెట్లు వరసగా ఎక్కాల్సిందే, నేరుగా మేనేజర్ రూమ్‌కి పోతే ఇటు సూపర్‌వైజర్ అలుగుతాడు, అటు ఫైలూ కదలదు.

5. 2020 కోడ్ ప్రకారం గ్రీవెన్స్ కమిటీలో గరిష్ఠంగా ఎంతమంది?
ఎ) 5 బి) 6 సి) 10 డి) 20
జ: సి. 6 అన్నది 1947 చట్టంలోని 9సి సెక్షన్. 20 అన్నది కమిటీ పెట్టాలంటే ఉండాల్సిన కార్మికుల సంఖ్య, అది రెండింట్లోనూ ఒకటే, అందుకే ఆప్షన్‌లో వల వేశాను.

6. మస్టర్ రోల్‌లో 600 మంది. మూడు యూనియన్లకి 276, 228, 96 మంది. కోడ్ ప్రకారం ఏది నిజం?
ఎ) మొదటిదే ఏకైక నెగోషియేటింగ్ యూనియన్ బి) మూడూ కౌన్సిల్‌లో కూర్చుంటాయి సి) మొదటి రెండే కౌన్సిల్‌లో కూర్చుంటాయి డి) బేరం కుదరదు
జ: సి. శాతాలు వేయండి: 46, 38, 16. 51 ఎవరికీ లేదు కాబట్టి కౌన్సిల్, 20 శాతం కూడా లేనివాళ్లకి కుర్చీ లేదు. పెద్ద యూనియన్ అన్నంత మాత్రాన మెజారిటీ కాదు, 'ఎ' పెట్టినవాళ్లు ఇక్కడే పోయారు.

7. 1926 చట్టంలో యూనియన్ రాజకీయ ఖర్చు దేంట్లోంచి పెట్టాలి?
ఎ) జనరల్ ఫండ్ బి) విడి ఫండ్ సి) సమ్మె ఫండ్ డి) అసలు పెట్టకూడదు
జ: బి. ఆ ఫండ్‌కి చందా కట్టమని ఏ మెంబర్‌నీ బలవంతం చేయకూడదు.

8. 50 శాతం మంది ఒకే రోజు కలిసికట్టుగా క్యాజువల్ లీవ్ పెట్టారు. కోడ్ దీన్ని ఏమంటుంది?
ఎ) సెలవు బి) సమ్మె సి) లాకౌట్ డి) గో స్లో
జ: బి. కాబట్టి నోటీస్ రూల్ కూడా వర్తిస్తుంది, నోటీస్ ఇచ్చిన 14 రోజుల లోపల దిగకూడదు. 'లీవే కదా సార్' అని మాక్‌లో పక్కన రాసిన తమ్ముడికి మార్కు రాలేదు గానీ నవ్వు మాత్రం వచ్చింది.