నెలవారీ భోజనం రద్దు, మిగిలిన రోజుల సొమ్ము జమ గురించి

హైదరాబాద్,
14 నవంబర్ 2025, శుక్రవారం.

గౌరవనీయులైన మెస్ నిర్వాహకురాలు గారికి నమస్కారములు.

నేను దిల్‌సుఖ్‌నగర్‌లోని మహిళా హాస్టల్ రెండో అంతస్తు 206వ గదిలో ఉంటూ, గత జూలై నుంచి మీ మెస్ ద్వారా రెండు పూటలా క్యారియర్ భోజనం తీసుకుంటున్నాను. నా కార్డు నంబరు 87. ల్యాబ్ టెక్నీషియన్ కోర్సులో భాగంగా ఈ నెల 19 నుంచి హనుమకొండలోని ఒక ఆసుపత్రిలో శిక్షణకు చేరవలసి ఉన్నందున, 18వ తేదీ ఉదయమే గది ఖాళీ చేస్తున్నాను. కాబట్టి 17వ తేదీ సోమవారం రాత్రి భోజనంతో నా నెలవారీ ఖాతాను ముగించవలసిందిగా కోరుతున్నాను. మానేసేవారు మూడు రోజుల ముందు చెప్పాలన్న మీ నియమం ప్రకారం ఈ ఉత్తరం ఈ రోజే మీకు అందజేస్తున్నాను.

నవంబర్ నెలకు 3,300 రూపాయలు ఒకటో తేదీనే ఫోన్ ద్వారా చెల్లించాను. ఆదివారం రాత్రి మెస్‌కు సెలవు కనుక, ఈ నెలలో వచ్చే అయిదు ఆదివారం రాత్రులను తీసివేస్తే మొత్తం 55 పూటలు, అంటే పూటకు 60 రూపాయలు అవుతుంది. 18 నుంచి 30 వరకు ఉన్న పదమూడు రోజుల్లో రెండు ఆదివారం రాత్రులు పోగా 24 పూటలు మిగులుతాయి. మీ అబ్బాయి నోటిలెక్కగా రోజుకు 110 రూపాయల చొప్పున కట్టి చూపించారు. ఆ లెక్కన, కింద చెప్పే మూడు రోజులతో సహా అంతా కలిపితే నాకే 20 రూపాయలు ఎక్కువ వస్తుంది, అయినా కార్డు మీద గుర్తులు పూటల వారీగానే ఉన్నాయి కనుక, నేను కూడా పూటల లెక్కనే పాటించాను.

ఇక 8, 9, 10 తేదీల విషయం కొంచెం వివరంగా చెప్పవలసి ఉంది. మా పెద్దనాన్న గారి అమ్మాయి పెళ్లికి సూర్యాపేట వెళ్తున్నానని 7వ తేదీ సాయంత్రం 7 గంటల 10 నిమిషాలకు మీకు సందేశం పంపాను, మీరు "సరే అమ్మా" అని జవాబు కూడా ఇచ్చారు. ముందురోజు రాత్రి 8 గంటలలోపు చెప్పి, వరుసగా మూడు రోజులు లేకపోతే ఆ పూటల సొమ్ము జమ అవుతుందని కార్డు వెనుక రాసి ఉంది. అయితే 8వ తేదీ మధ్యాహ్నం గడిలో పెన్సిల్ టిక్కు ఉంది. ఆ రోజు క్యారియర్ పొరపాటున వచ్చి, గేటు దగ్గర వేలాడుతూ ఉండి, సాయంత్రం మూత తీయకుండానే తిరిగి వెళ్లిందని వాచ్‌మన్ గారు చెప్పారు. చీకటితోనే అన్ని క్యారియర్లు సర్దే వారికి ఇలాంటివి జరగడం సహజమే, తప్పు పట్టడం లేదు. ఆ పూటను కూడా తినని పూటగానే లెక్కించవలసిందిగా మనవి. ఆదివారం రాత్రి పోగా ఈ మూడు రోజులకు 5 పూటలు. 12వ తేదీ మధ్యాహ్నం కళాశాలలోనే ఉండిపోయి, చెప్పకుండా మానేసిన పూటను మాత్రం నేను అడగడం లేదు.

మొత్తం 29 పూటలకు 1,740 రూపాయలు నాకు రావలసి ఉంది. మీరు సొమ్ము వెనక్కి ఇవ్వక తర్వాతి నెలకు సర్దుతారని తెలుసు. నాకు ఇక్కడ తర్వాతి నెల లేదు కనుక, ఆ మొత్తాన్ని నా గదిలోనే ఉండే కార్డు నంబరు 112 ఖాతాలో డిసెంబర్ నెలకు జమ చేయండి. ఆమె మిగిలిన 1,560 రూపాయలు మీకు చెల్లిస్తారు, నాకు ఇవ్వవలసింది మేమిద్దరం చూసుకుంటాము. ఇందుకు ఆమె అంగీకారంగా కింద సంతకం చేశారు.

క్యారియర్‌కు కట్టిన 500 రూపాయల డిపాజిట్ వేరే విషయం, అది నగదుగా ఇప్పించగలరు. మూడు గిన్నెలు, మూత, పిడి అన్నీ కడిగి 17వ తేదీ రాత్రే మీ అబ్బాయికి అప్పగిస్తాను. మెట్ల మీద నా చేతిలోంచి జారి సాంబారు గిన్నె అంచు సొట్టపడింది. దాని మరమ్మతుకు తగినంత మినహాయించుకోండి. ఎడమ వైపు కొక్కెం మాత్రం నాకు ఇచ్చిన రోజు నుంచే వదులుగా ఉంది, నేను రబ్బరుబ్యాండు వేసి వాడుకున్నాను.

జమ చేసినట్లు నా కార్డు వెనుకా, 112 కార్డు మీదా మొత్తం వేసి సంతకం చేసి ఇస్తే, 17వ తేదీ రాత్రి రెండూ తీసుకుంటాను. పరీక్షల రోజుల్లో అడగకుండానే గోంగూర పచ్చడి మూతలో పెట్టి పంపినందుకు కృతజ్ఞతలు, ఆంటీ.

ఇట్లు,
శ్రావణి
కార్డు నంబరు 87, గది నంబరు 206

పై సొమ్మును నా డిసెంబర్ నెల ఖాతాలో జమ చేసుకోవడానికి సమ్మతిస్తున్నాను.
సౌజన్య
కార్డు నంబరు 112, గది నంబరు 206