మే నెల కరెంటు, నీళ్ల బిల్లు: ఎవరి వాటా ఎంత

అందరికీ, పైన నాలుగు ఫొటోలు పెట్టాను: కరెంటు బిల్లు, మెయిన్ మీటరు, ఏసీ సబ్‌మీటరు, అసోసియేషన్ వాళ్ల నీళ్ల బిల్లు. ఈసారి బిల్లు ఎక్కువొచ్చింది, అందుకే లెక్క మొత్తం రాస్తున్నా.

కరెంటు: మెయిన్ మీటరు 18426 నుంచి 18768, అంటే 342 యూనిట్లు. బిల్లు 2,278 రూపాయలు.

సబ్‌మీటరు 612 నుంచి 720. అంటే మా గది ఏసీకి 108 యూనిట్లు. ఫొటోలో చివర ఎర్రగా కనిపించే అంకె పాయింటు తర్వాతది, దాన్ని కలపొద్దు. పోయిన నెల దాన్నీ కలిపి చదివే అంత గొడవైంది.

ఇప్పుడు అసలు విషయం. 342 యూనిట్లకీ ఒకే రేటు ఉండదు. మొదటి 30 యూనిట్లు 1.90, తర్వాత 75 దాకా 3, 125 దాకా 4.50, 225 దాకా 6 రూపాయలు. 225 దాటితే ఒక్కో యూనిట్ 8.75. ఏసీ లేకపోతే మన ఇంటి వాడకం 234 దగ్గర ఆగేది. అంటే ఏసీ 108 యూనిట్లూ ఆ 8.75 స్లాబులోనే పడ్డాయి. సగటు రేటు వేస్తే ఏసీకి 719 అవుతుంది, కానీ అలా వేస్తే మా చల్లదనానికి ఇమ్రాన్ అన్న, సాయి డబ్బులు కట్టినట్టే. నాకది సరిగా అనిపించలేదు. అందుకే 108 × 8.75 = 945, దాని మీద సుంకం, ఇంధన సర్దుబాటు యూనిట్‌కి 46 పైసలు, సుమారు 50. మొత్తం 995 నేనూ కార్తీక్ పెట్టుకుంటాం. కార్తీక్‌తో మాట్లాడాను, సరేనన్నాడు.

మిగిలిన 1,283 నలుగురికీ సమానం. సాయీ, నువ్వు 12 నుంచి 21 దాకా ఊళ్లో ఉన్నావు, నిజమే. కానీ ఫ్రిజ్, హాల్లో లైట్లు నువ్వు లేకపోయినా నడుస్తాయి కదా, అందుకే ఇందులో రోజులు తగ్గించలేదు.

నీళ్లలో మాత్రం తగ్గించాను. 14 కిలోలీటర్లకి 35 చొప్పున 490, ట్యాంకర్ వాటా 280, మొత్తం 770. మేం ముగ్గురం 30 రోజులు, నువ్వు 20, కలిపి 110 రోజులు. రోజుకి 7 రూపాయలు. మాకు 210, నీకు 140.

నేను: 321 + 498 + 210 = 1,029
కార్తీక్: 321 + 497 + 210 = 1,028
ఇమ్రాన్ అన్న: 321 + 210 = 531
సాయి: 320 + 140 = 460

మొత్తం 3,048. రెండు బిల్లులూ కలిపితే అదే వస్తుంది, ఒకసారి చూసుకోండి.

కరెంటు బిల్లుకి గడువు 18. 16 రాత్రికల్లా నాకు ఫోన్‌పే చేస్తే 17 పొద్దున్నే కట్టేసి రసీదు ఇక్కడే పెడతా. ఇమ్రాన్ అన్నా, జీతం ఆలస్యమైతే టెన్షన్ పడకు, ముందు నేను కట్టేస్తా, వచ్చాక ఇద్దువు. ఎక్కడైనా తప్పు కనిపిస్తే డబ్బు పంపేముందే చెప్పండి, సరిచేస్తా.

ఇంకొకటి. వచ్చే నెల 4న రీడింగ్ తీసేటప్పుడు ఇంట్లో ఎవరుంటే వాళ్లు రెండు మీటర్లకీ ఫొటో తీయండి. అద్దం మీద టార్చ్ నేరుగా వేయకండి, అంకెలు మెరిసిపోతున్నాయి, కొంచెం పక్కనుంచి పట్టుకోండి.