అమ్మకు ఫ్రాన్స్‌లోని లియోన్ నుంచి ఉత్తరం

లియోన్,
12 అక్టోబరు

అమ్మా,

ఇక్కడి కొట్లవాళ్లకు పొగరని మొన్న ఫోనులో అన్నావు కదా, పొగరేమీ కాదు. వీళ్ల లెక్కలో కొట్టులో అడుగుపెట్టడమంటే ఒకరింట్లోకి వెళ్లడమే. పలకరించకుండా "రొట్టె ఎంత?" అంటే మనిషిని వదిలేసి సరుకుతో మాట్లాడినట్టు. డబ్బిచ్చేవాళ్లం కదా అన్న దర్పం చెల్లదు.

మా వీధి రొట్టెల కొట్టులో వరుస ఎంత పొడవున్నా ఒక్కొక్కరూ మన నమస్కారంలా "బోంజూర్ మదామ్" అన్నాకే బాగెత్ అనే పొడవాటి రొట్టె అడుగుతారు. అనకపోతే కొట్టు ఆవిడే "బోంజూర్" అని నొక్కి పలికి, జవాబు వచ్చేదాకా కదలదు! నాకది నచ్చింది. సాయంత్రమైతే "బోంస్వార్", వెళ్లేటప్పుడు "మెర్సీ, ఓర్వార్".

వేసవిలో వస్తావుగా, నాన్నకూ నేర్పించు. ఆయన చిరునవ్వుతో సరిపెడతారు, ఇక్కడ అది చాలదు.

నీ
సుధ