వారానికి రెండు రోజులు ఇంటి నుంచి పని: అనుమతి కోరుతూ

హైదరాబాద్

మేనేజర్ గారికి,

నమస్కారమండీ. నేను మన తెలుగు వాయిస్ టీమ్‌లో రీఫండ్, డెలివరీ ఫిర్యాదుల కాల్స్ చూస్తున్నాను. బుధ, శుక్రవారాలు ఇంటి నుంచి, మిగతా షిఫ్టులు ఆఫీసు నుంచి చేసేందుకు అనుమతి ఇవ్వమని కోరుతున్నాను. ముందుగా మూడు నెలలు ట్రయల్‌గా చూద్దాం. సోమవారం క్యూ ఎలా నిండిపోతుందో మీకు తెలుసు. శని, ఆదివారాల ఫిర్యాదులన్నీ ఆ రోజే వస్తాయి కాబట్టి సోమవారం తప్పకుండా ఫ్లోర్ మీదే ఉంటాను.

ఎల్‌బీ నగర్‌లో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి, రాయదుర్గంలో దిగి ఆఫీసుకి చేరేసరికి గంటన్నర పడుతోంది. అలసట మొదటి కాల్స్‌లో నా గొంతులోనే తెలిసిపోతుంది. ఇంకో సంగతి, సాయంత్రం పూట ఫ్లోర్ మీద గోల. రీఫండ్ కోసం ఫోన్ చేసే పెద్దవాళ్లు "అమ్మా, వినపడట్లేదు, మళ్లీ చెప్పు" అంటారు. ట్రాన్సాక్షన్ నంబర్ ఒక్కో అంకె చొప్పున మూడుసార్లు చదవాల్సి వస్తుంది. అక్కడే హ్యాండిల్ టైమ్ పెరిగిపోతోంది. ఇంట్లో తలుపేసుకుని కూర్చుంటే ఆ ఇబ్బంది ఉండదు.

ఇక నేను ఇచ్చే మాట. షెడ్యూల్ అడ్‌హియరెన్స్ 95 శాతానికి తగ్గనివ్వను. క్వాలిటీ స్కోరు 90 పైన, సగటు హ్యాండిల్ టైమ్ ఆరు నిమిషాల లోపు ఉంచుతాను. కాల్ పెట్టేశాక నోట్స్ 45 సెకన్లలో పూర్తి చేస్తాను. అయితే హ్యాండిల్ టైమ్ కోసం కస్టమర్‌ని తొందరపెట్టి కాల్ ముగించను. అందుకే అదే సమస్య మీద వారంలోపు మళ్లీ వచ్చే కాల్స్‌ని కూడా నా లెక్కలో చూడండి. ప్రతి శుక్రవారం షిఫ్ట్ అయ్యాక ఇంటి రోజుల అంకెలు, ఆఫీసు రోజుల అంకెలు పక్కపక్కన పెట్టి మీకు మెయిల్ చేస్తాను. వరుసగా రెండు వారాలు ఈ మాటల్లో ఏ ఒక్కటి తప్పినా, మీరు చెప్పక ముందే ఐదు రోజులూ ఆఫీసుకి వచ్చేస్తాను.

కస్టమర్ల వివరాల భద్రత గురించి మీకు సందేహం రావడం సహజం. కంపెనీ ల్యాప్‌టాప్, వీపీఎన్ మీదే పని చేస్తాను. కాల్స్ ఇప్పటిలాగే రికార్డ్ అవుతాయి. గదిలో ఇంకెవరూ ఉండరు, టేబుల్ మీద పెన్ను, కాగితం, సొంత ఫోన్ ఉండవు. ఐటీ వాళ్లు వచ్చి చూసుకోవచ్చు. ఇన్వర్టర్, బ్రాడ్‌బ్యాండ్ ఉన్నాయి. నెట్ పోతే మొబైల్ డేటా మీద లాగిన్ అవుతాను, పావుగంటలో కుదరకపోతే టీమ్ లీడ్‌కి చెప్పి, ఆ సమయం నా లీవులో రాయిస్తాను. కాల్ సెంటర్లలో ఇంటి నుంచి పనికి టెలికాం శాఖ 2020 నవంబరులోనే నిబంధనలు సడలించింది. మన కాంప్లయన్స్ టీమ్ ఇంకేమైనా షరతులు పెడితే వాటికీ ఒప్పుకుంటాను.

కొత్తగా చేరినవాళ్లకి పక్కన కూర్చుని కాల్స్ వినిపించే పని నాకు ఇష్టం. అది ఆఫీసు రోజుల్లో ఆపకుండా చేస్తాను.

వచ్చే నెల రోస్టర్ వేసేలోపు ఒక పావుగంట సమయం ఇస్తే, గత మూడు నెలల నా స్కోర్లతో వచ్చి కలుస్తాను.

ఇట్లు,
సరిత
కస్టమర్ సపోర్ట్, తెలుగు వాయిస్ టీమ్