నాణెం మింగిన మీ బాబు గురించి: ఇంటి దగ్గర ఏం గమనించాలి, బటన్ బ్యాటరీ అయితే ఎందుకు పరుగెత్తాలి

అమ్మా,

మీ బాబు ఎక్స్‌రే మరోసారి చూసుకుని ఇది రాస్తున్నాను. ఇంటికి వెళ్ళాక బాబు వాళ్ళ నాన్నగారికీ, వాడిని చూసుకునే మీ అత్తగారికీ చదివి వినిపించండి.

బాబు మింగింది నాణెమే. అది అన్నవాహిక దాటి పొట్టలోకి దిగింది. దాదాపు 2 సెంటీమీటర్ల వెడల్పుంది, అంచులు నున్నగా ఉన్నాయి, ఒక్కటే ఉంది. ఇంత దూరం వచ్చిన నాణెం చాలామంది పిల్లల్లో దానంతట అదే మలంతో బయటికి వచ్చేస్తుంది. అందుకే ఏ మందూ రాయకుండా ఇంటికి పంపుతున్నాం. నిన్న సాయంత్రం మెడ నుంచి కడుపు కిందిదాకా ఎక్స్‌రే తీయించింది నాణెం ఎక్కడుందో తెలుసుకోవడానికే. అన్నవాహికలో మూడు చోట్ల ఇరుకుగా ఉంటుంది. పిల్లలు మింగినవి ఎక్కువగా అన్నిటికన్నా పైన, గొంతు దిగువన ఉండే ఇరుకులో చిక్కుకుంటాయి. మీవాడి నాణెం అక్కడే ఆగి ఉంటే ఆసుపత్రిలోనే ఉంచి, 24 గంటల్లోపు కిందికి జారకపోతే ఎండోస్కోపీతో తీసేవాళ్ళం. చొంగ కారుతున్నా, ఊపిరికి ఇబ్బంది పడుతున్నా ఆ 24 గంటలు కూడా ఆగేవాళ్ళం కాదు.

ఇంట్లో వాడు రోజూ తినేదే పెట్టండి, ఆడుకోనివ్వండి. విరేచనాల మందు వేయకండి. ఫలానాది ఎక్కువగా తినిపిస్తే నాణేన్ని తోసుకుంటూ పోతుందని ఎవరు చెప్పినా వద్దు. గొంతులో వేలు పెట్టి కక్కించే ప్రయత్నం అసలు చేయకండి. పొట్టలోకి దిగి ప్రమాదం తప్పినదాన్ని మళ్ళీ గొంతులోకి తెచ్చి, ఊపిరి దారికి అడ్డం పెట్టినట్టవుతుంది.

కొందరికి రెండు మూడు రోజుల్లో వస్తుంది, కొందరికి రెండు వారాలు పట్టవచ్చు. డైపర్ మార్చేటప్పుడు చూసుకుంటే చాలు. కనిపించలేదని రాత్రింబవళ్ళు బెంగపడకండి, ఒక్కోసారి మన కంట పడకుండానే వెళ్ళిపోతుంది. రెండు వారాలైనా కనిపించకపోతే తీసుకురండి, మళ్ళీ ఎక్స్‌రే తీద్దాం. నాలుగు వారాలకీ పొట్టలోనే ఉంటే అప్పుడు ఎండోస్కోపీతో తీయడం గురించి మాట్లాడుకుందాం.

ఈలోపు పదే పదే వాంతులైనా, వాంతి పచ్చగా ఉన్నా, వాంతిలో గానీ మలంలో గానీ రక్తం కనిపించినా, మలం తారులా నల్లగా వచ్చినా, కడుపు ఉబ్బి గట్టిపడినా, తగ్గని కడుపునొప్పితో ఏడుస్తున్నా, జ్వరం వచ్చినా ఫోన్ చేసి అడగనక్కర్లేదు, నేరుగా ఎమర్జెన్సీకి తీసుకొచ్చేయండి. మింగడానికి ఇబ్బంది పడుతున్నా, చొంగ ఆగకుండా కారుతున్నా, ఊపిరి పీల్చేటప్పుడు చప్పుడు వస్తున్నా అంతే. వచ్చేటప్పుడు దారిలో తిండి, పాలు, నీళ్ళు ఏవీ పెట్టకండి. మత్తు ఇవ్వాల్సి వస్తే కడుపు ఖాళీగా ఉండటం మంచిది.

ఇక మీరు వెళ్ళబోతూ అడిగిన ప్రశ్న. "నాణెం వచ్చేస్తుందన్నారు కదా డాక్టర్‌గారూ, బ్యాటరీ బిళ్ళ మింగినా ఇంతేనా?" అన్నారు. కాదమ్మా. బయట జనం ఉండటంతో అప్పుడు సరిగ్గా చెప్పలేకపోయాను. ఈ ఉత్తరం రాయడానికి అసలు కారణం అదే.

రిమోట్లలో, కారు తాళాల్లో వాడే సీఆర్ 2032 రకం లిథియం బ్యాటరీ వెడల్పు 20 మిల్లీమీటర్లు. అంటే మీ బాబు మింగిన నాణెమంతే. ఈ వయసు పిల్లల అన్నవాహికలో ఇరుక్కుపోవడానికి సరిపోయే సైజు. నాణెం ఇరుక్కుంటే ఉత్త లోహం, కొంత సమయం ఇస్తుంది. బ్యాటరీ ఇరుక్కుంటే అక్కడి తడి తగలగానే రెండు ధ్రువాల మధ్య కరెంటు పారుతుంది. ఆ కరెంటు వల్ల నెగెటివ్ వైపు ఘాటైన క్షారం తయారై పక్కనున్న కండను కరిగించేస్తుంది. బ్యాటరీ పగిలి లోపలిది కారితేనే ప్రమాదమని చాలామంది అనుకుంటారు. పగలనక్కర్లేదు, కొత్త బ్యాటరీ చెక్కుచెదరకుండా ఉండి కూడా కాల్చేస్తుంది. రిమోట్ పనిచేయడం లేదని తీసేసిన పాత బ్యాటరీలో కూడా ఇంత పని చేసే శక్తి మిగిలే ఉంటుంది.

కాలడం పావుగంటలోనే మొదలవుతుంది. రెండు గంటల్లో లోతైన గాయం కావచ్చు. అన్నవాహికకు చిల్లు పడవచ్చు, అక్కడి నుంచి శ్వాసనాళంలోకి దారి ఏర్పడవచ్చు. గుండె నుంచి వచ్చే పెద్ద రక్తనాళం పక్కనే ఉంటుంది, దాని దాకా గాయం పాకితే ప్రాణం పోయేంత రక్తస్రావం అవుతుంది. బ్యాటరీ తీసేశాక కొన్ని రోజులకో వారాలకో కూడా అలా జరగవచ్చు. అంతకన్నా నన్ను ఎక్కువ భయపెట్టేది వేరే ఉంది. చాలామంది పిల్లలు మొదట్లో మామూలుగానే ఉంటారు. లేదా కాస్త దగ్గు, అన్నం వద్దనడం, కొంచెం చొంగ. జలుబేమో, పళ్ళు వస్తున్నాయేమో అనుకుంటూ ఇంట్లోవాళ్ళు ఆ రెండు గంటలూ పోగొట్టుకుంటారు.

కాబట్టి బిళ్ళలాంటిది ఏది మింగినా, అది ఏమిటో మీ కళ్ళతో చూడకపోతే బ్యాటరీ అనే అనుకుని బయల్దేరండి. ఎక్స్‌రేలో బ్యాటరీ అంచు లోపల ఇంకో వలయం కనిపిస్తుంది, పక్కనుంచి తీస్తే మెట్టులా ఉంటుంది. మీ బాబుకు రెండు వైపుల నుంచీ తీయించి, ఆ గుర్తులేవీ లేవని చూసుకున్నాకే నేను నాణెం అని చెప్పగలిగాను. బ్యాటరీ అన్నవాహికలో ఉంటే అర్ధరాత్రైనా సరే వెంటనే తీయాల్సిందే. పొట్టలోకి దిగినా ఇంటి దగ్గర కూర్చుని ఎదురుచూడటం కాదు, ఏం చేయాలో ఆసుపత్రిలో నిర్ణయించాలి.

బ్యాటరీ అని తెలిసినా, అనుమానమున్నా, మింగి 12 గంటలు దాటకపోతే, ఏడాది నిండిన బిడ్డ బాగానే మింగగలుగుతుంటే, దారిలో పది నిమిషాలకోసారి రెండు టీస్పూన్ల తేనె ఇవ్వవచ్చు, ఆరుసార్లకు మించకుండా. తేనె బ్యాటరీకీ కండకీ మధ్య పూతలా నిలిచి కాలడాన్ని కొంత నెమ్మదింపజేస్తుంది. అంతే, అది వైద్యం కాదు. ఇంట్లో తేనె లేకపోతే కొనడానికి ఆగకండి. ఏడాదిలోపు పిల్లలకు తేనె ఇవ్వకూడదు. తేనె తప్ప ఇంకేదీ నోట్లో వేయకండి, కక్కించకండి. అదే రకం బ్యాటరీ గానీ దాని ప్యాకెట్ గానీ ఉంటే వెంట తెండి. ముక్కులో, చెవిలో దూర్చుకున్నా ఇంతే తొందర, కాకపోతే అక్కడ తేనె గానీ చుక్కల మందు గానీ వేయకూడదు.

ఈ రాత్రికే ఇల్లంతా ఒకసారి చూడండి. రిమోట్, కారు తాళం, బరువు చూసే మెషిన్, డిజిటల్ థర్మామీటర్, పాట వచ్చే గ్రీటింగ్ కార్డు, వెలిగే బొమ్మలు, పెద్దవాళ్ళ వినికిడి యంత్రం. మూతకు స్క్రూ లేనిదేదైనా ఉంటే టేపు చుట్టండి, లేదా వాడికి అందని ఎత్తులో పెట్టండి. పాత బ్యాటరీ తీయగానే రెండు వైపులా టేపు అంటించి పారేయండి, బల్ల మీద వదలకండి. చిన్న అయస్కాంతాలుంటే అవీ తీసేయండి. రెండు మింగితే పేగుల మడతల్ని మధ్యలో నొక్కి చిల్లు చేస్తాయి, అది కూడా ఎమర్జెన్సీయే.

నాణెం బయటికి వస్తే ఒక్క ఫోన్ చేసి చెప్పండి, ఇక ఎక్స్‌రే అక్కర్లేదు. రాకపోతే రెండు వారాల తర్వాత సోమవారం ఉదయం రండి. నిన్నటి ఎక్స్‌రే, ఈ కాగితం రెండూ తీసుకురండి.

మీ పిల్లల డాక్టర్